బాణాలు వినిపించాలి

1921లో గిల్‌బ్రెత్ దంపతులు పని జరిగే క్రమాన్ని గుర్తులతో గీసి అమెరికా ఇంజినీర్ల ముందు పెట్టారు. అప్పటి నుంచి ఫ్లోచార్ట్ అంటే కంటికోసమే పుట్టిన వస్తువన్న అభిప్రాయం పాతుకుపోయింది. అది పొరపాటు. డబ్బాలూ రంగులూ పైపూత మాత్రమే, అసలు సరుకు దారి. ఏ పని తర్వాత ఏ పని, ఏ జవాబు వస్తే ఎటు మళ్ళాలి, ఎక్కడ ఆగాలి అన్నదే ఫ్లోచార్ట్. దారిని మాటల్లో చెప్పడం మనకు చేతకాని విద్య కాదు. చూపులేని సహోద్యోగికి ఫ్లోచార్టును రాసివ్వడమూ అదే విద్య.

ఈ విద్యలో మహామహులున్నారు. పుణెలో పుట్టి, చిన్నతనంలోనే చూపు కోల్పోయిన టి.వి. రామన్ 1994లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో సమర్పించిన పరిశోధన ఇప్పటికీ అబ్బురమే. గణిత సమీకరణాన్ని అక్షరాల వరుసగా అప్పగించడం కాక, అందులో కావలసిన భాగానికి వెళ్ళి వినగలిగేలా చేశారాయన. పగ్గాలు వినేవారి చేతిలో ఉండాలన్నది అక్కడి పాఠం. ఆస్ట్రేలియాలో అంధులైన మైకేల్ కరన్, జేమ్స్ టే కలిసి ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ని ఉచితంగా లోకం చేతిలో పెట్టారు. అంతటి పనిముట్టుకు మనం అందిస్తున్నది ఏమిటి? "ఫ్లోచార్ట్ బొమ్మ" అన్న రెండు మాటలు! గ్రాఫిక్ అని స్క్రీన్ రీడర్ ఎలాగూ చెబుతుంది. మనం రాసింది అదే మాటకు ప్రతిధ్వని. ఆల్ట్ టెక్స్ట్ గడి నిండితే పని అయిపోయిందనుకునే ఈ నకిలీ సేవ, ఖాళీగా వదిలేయడం కన్నా హీనం, ఎందుకంటే లోపాన్ని కప్పిపెడుతుంది.

సరైన పద్ధతికి రెండు అంచెలు. ఆఫీసులో సెలవు మంజూరు ఫ్లోచార్టును తీసుకుందాం. మొదటి అంచె ఆల్ట్ టెక్స్ట్: "సెలవు మంజూరు క్రమం. 8 అడుగులు, వాటిలో 3 ప్రశ్నలు, 2 ముగింపులు. పూర్తి వివరణ బొమ్మ కింద ఉంది." బొమ్మ దేని గురించో, ఎంత పెద్దదో, మిగతాది ఎక్కడ దొరుకుతుందో చెబితే చాలు. రెండో అంచె బొమ్మ కింద అందరికీ కనిపించే అంకెల జాబితా. ఒకటో అడుగులో ఉద్యోగి దరఖాస్తు పెడతారు, 2కు వెళ్ళాలి. రెండోది ప్రశ్న: సెలవులు మిగిలి ఉన్నాయా? ఉంటే 3కు, లేకపోతే 8కి. మూడోదీ ప్రశ్నే: అడిగింది 3 రోజులకు మించిందా? మించితే 4కు, లేకపోతే 5కు. నాలుగులో దరఖాస్తు శాఖాధిపతికి చేరుతుంది, 6కు వెళ్ళాలి. అయిదులో సూపర్‌వైజర్‌కు చేరుతుంది, 6కు వెళ్ళాలి. ఆరోది చివరి ప్రశ్న: ఒప్పుకున్నారా? ఒప్పుకుంటే 7కు, తేదీలు మార్చమంటే తిరిగి 1కి. ఏడులో సెలవు నమోదవుతుంది, ముగింపు. ఎనిమిదిలో దరఖాస్తు తిరస్కరణ, ముగింపు.

జాబితాలో జాబితా పేర్చి కొమ్మలుగా రాయాలనేవారున్నారు. కొమ్మలు విడిపోవడమే తప్ప మళ్ళీ కలవని బొమ్మకు అది బాగానే ఉంటుంది. ఇక్కడ 4, 5 రెండూ 6లో కలుస్తాయి, 6 నుంచి దారి 1కి మళ్ళుతుంది. కొమ్మలుగా రాస్తే ఆరో ప్రశ్నను రెండుసార్లు రాయాలి, వెనక్కి తిరిగే దారిని ఇమడ్చడం ఇంకా కష్టం. అందుకే నా ఓటు అంకెలకే. పరీక్షా సులువే. బొమ్మలో బాణాలు తొమ్మిది, వివరణలో ఫలానా అంకెకు వెళ్ళమన్న మాటలూ తొమ్మిదే ఉండాలి. ఒకటి తగ్గితే ఎక్కడో దారి తెగినట్టే. తర్వాత బొమ్మ చూడని మరొకరికి వివరణ మాత్రమే ఇచ్చి గీయమనండి. గీసినది అసలుతో కలవకపోతే తప్పు రాతదే.

ఇదంతా ఆల్ట్ టెక్స్ట్‌లోనే కుక్కేయవచ్చు కదా అంటారు. ఆల్ట్ టెక్స్ట్ ఒక్క బిగిన వినిపిస్తుంది, అందులో జాబితా నిలవదు. ఆరో అడుగును మళ్ళీ వినాలంటే తరచూ మొదటి నుంచీ వినాల్సి వస్తుంది. జాబితా అయితే బాణం మీటతో ఒక్కో అడుగు వెంట ముందుకూ వెనక్కూ నడవవచ్చు. బొమ్మ మారినప్పుడు రాత పాతబడుతుందన్నది మరో అభ్యంతరం, ఇందులో న్యాయం ఉంది. దానికి మందు రాయడం మానేయడం కాదు, ముందు జాబితా సరిచేసి దాన్నిబట్టి బొమ్మ గీయడం. చూపున్నవారు డబ్బాను వేలితో చూపి మాట్లాడుకుంటారు కదా అని కూడా అంటారు. అందుకే బొమ్మలోని డబ్బాల మీదా అవే అంకెలు వేయాలి. "ఆరో అడుగులో ఆలస్యమవుతోంది" అని సమావేశంలో ఎవరన్నా, అందరూ ఒకే చోటికి చేరతారు. "పైన నీలం డబ్బా, కుడివైపు ఎర్ర డబ్బా" అన్న రాత మాత్రం ఎవరినీ ఎక్కడికీ చేర్చదు.

ఈసారి ఫ్లోచార్ట్ పంపేముందు బాణాలు లెక్కపెట్టండి. అన్నీ రాతలోకి వచ్చాయని తేలాకే పంపండి.