టప్పా దాకా లెక్క: రాడార్ లేని చోట బంతి వేగం

అల్లపల్లి గడ్చిరోలి జిల్లాలో టేకు అడవుల ఊరు. ఇక్కడి నుంచి దక్షిణంగా సిరోంచా దాకా వెళ్తే ప్రాణహిత, దాని అవతల తెలంగాణ. ఈ దారి పొడుగునా తెలుగు, మరాఠీ, గోండి, మాడియా కలిసే వినిపిస్తాయి, క్రికెట్ మాత్రం అందరిదీ ఒకటే. టీవీలో బంతి వేగం కనబడటం అలవాటయ్యాక ప్రతి ఊళ్లోనూ ఒక ఫాస్ట్ బౌలర్‌కు ఒక అంకె అంటుకుంది. "అన్నా, వీడు 130 దాటిస్తడు" అనే మాట వినని మైదానం ఈ సరిహద్దులో ఉండదు. రాడార్ గన్ అక్కర్లేకుండా ఆ మాటను పరీక్షించవచ్చు. దానికి కావలసినవి ఒక టేపు, స్లో మోషన్ తీసే ఫోను, ఒక సహాయకుడు. చాలామంది ఫోను మీదే దృష్టి పెడతారు. నా లెక్కలో మాత్రం ఎక్కువ పని చేసేది టేపే.

దూరాన్ని కాలంతో భాగిస్తే వేగం వస్తుందన్నది ఏడో తరగతి పాఠం. చిక్కంతా ఎక్కడి నుంచి ఎక్కడికి దూరం, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా కాలం అన్న దగ్గరే ఉంది. నియమాల ప్రకారం వికెట్ల నుంచి వికెట్లకు 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. బంతి మాత్రం అంత దూరం ప్రయాణించదు. బౌలర్ ముందు కాలు క్రీజు దగ్గర పడుతుంది, ఆ క్రీజు వికెట్లకు 1.22 మీటర్ల ముందుంటుంది. బ్యాట్స్‌మన్ కూడా అవతలి క్రీజు దగ్గరే ఆడతాడు. రెండు క్రీజుల మధ్య మిగిలేది 17.68 మీటర్లే. 20.12ను కాలంతో భాగించినవాడు మొదటి అడుగులోనే వేగాన్ని దాదాపు 14 శాతం పెంచేసుకున్నట్టు.

అంతకన్నా పెద్ద పొరపాటు పిచ్ పొడవులోనే ఉంటుంది. ఊరి మైదానాల్లో 22 గజాలను అంగలతో కొలుస్తారు. మామూలుగా నడిచే మనిషి అంగ ముప్పావు మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది, గజం 91 సెంటీమీటర్లు. అలా 22 అంగలు వేస్తే 16.5 మీటర్లే వస్తాయి. కాస్త సాగదీసి నడిచినవాడు కొలిస్తే 18 దాటుతుంది. అందుకే ముందు టేపు పరచాలి, వికెట్ల మధ్య ఎంతుందో రాసుకోవాలి, ఆ తర్వాతే ఫోను తీయాలి.

ఇక కాలం సంగతి. స్టాప్‌వాచ్ ఈ పనికి పూర్తిగా పనికిరాదు. చేతి నుంచి బ్యాట్ దాకా మంచి పేస్ బంతికి పట్టేది అర సెకను చిల్లర. బటన్ నొక్కే వేలు పదో వంతు సెకను తేడా చేయడం సహజం. 0.55 సెకన్లు పట్టిన బంతిని 0.45 అని నొక్కితే 116 కిలోమీటర్ల సగటు వేగం 142 అవుతుంది, 0.65 అని నొక్కితే 98కి పడిపోతుంది. ఒకే బంతికి ఒకడు స్పిన్నర్‌లాంటి అంకె, ఇంకొకడు భారత జట్టు అంకె చెబితే ఇద్దరినీ తప్పుపట్టలేం.

వీడియోలో ఫ్రేములు లెక్కపెట్టడమే దారి. మామూలు వీడియో సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది, స్లో మోషన్‌లో చాలా ఫోన్లు 240 తీస్తాయి. 30తో తీస్తే చేతి నుంచి నేలదాకా పదకొండు ఫ్రేములే దొరుకుతాయి, ఒక్కటి అటూ ఇటూ అయినా తొమ్మిది శాతం తేడా. 240తో తీస్తే ఆ తేడా ఒక శాతానికి తగ్గుతుంది. కానీ ఫోను మీద రాసిన 240ని గుడ్డిగా నమ్మొద్దు. సాయంత్రం వెలుతురు తగ్గితే కొన్ని ఫోన్లు చడీచప్పుడు లేకుండా ఫ్రేములు తగ్గిస్తాయి. దీన్ని పట్టుకోవడానికి నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. గోడ మీద 1.25 మీటర్ల ఎత్తులో గీత గీసి, తోలు బంతి అడుగుభాగం ఆ గీతకు తగిలేట్టు పట్టుకుని వదలాలి. అది నేలకు చేరడానికి సెకనులో సగానికి ఒక్క పిసరు ఎక్కువ, 0.505 సెకన్లు పడుతుంది. 240 వేగంతో తీసిన వీడియో అయితే దాదాపు 121 ఫ్రేములు రావాలి. వస్తే మీ ఫోను గడియారం సరైనదే. 60 వచ్చిందంటే అది నిజానికి 120తోనే తీస్తోంది.

ఫోనును పిచ్‌కు పక్కగా, పాతిక మీటర్లైనా దూరంగా, కదలకుండా నిలపాలి. బౌలర్ చెయ్యీ బంతి పడే చోటూ రెండూ చట్రంలో కనబడాలి. దూరాన్ని మాత్రం తెర మీద కొలవకూడదు. దగ్గరున్నది పెద్దగా, పక్కకున్నది వంకరగా కనబడుతుంది కాబట్టి తెర మీది దూరం మోసం చేస్తుంది, కాలానికి ఆ బాధ లేదు. బంతి నేలను తాకిన చోట, అదే టప్పా దగ్గర, ఎర్రమట్టిలో గుర్తు మిగులుతుంది. సహాయకుడు వెంటనే అక్కడ పుల్ల గుచ్చి, వికెట్ల నుంచి టేపు లాగాలి.

బ్యాట్ దాకా కాకుండా టప్పా దాకానే ఎందుకు? నేలను తాకగానే బంతి ముందుకు పోయే వేగంలో గణనీయమైన భాగాన్ని పోగొట్టుకుంటుంది. ఎంత పోతుందన్నది నేల గట్టిదనాన్ని, బంతి పాతదనాన్ని బట్టి మారుతుంది. వానల తర్వాతి మెత్తని మట్టి ఒకలా, ఎండాకాలపు గట్టి నేల ఇంకొకలా. దాన్ని లెక్కలోకి లాగితే బౌలర్ వేగంతోపాటు నేల స్వభావాన్నీ కొలిచినట్టవుతుంది. టప్పా దగ్గరే ఆపితే మిగిలేది గాలి ఒక్కటే, దాన్ని లెక్కగట్టవచ్చు.

ఒక బంతిని పూర్తిగా లెక్కిద్దాం. టేపు పెడితే వికెట్ల మధ్య 18.3 మీటర్లు తేలిందనుకోండి. బౌలర్ వైపు క్రీజు 1.2 మీటర్ల ముందుంది, వీడియోలో బంతి వేళ్లను వదిలే క్షణానికి చెయ్యి క్రీజు కన్నా మరో 30 సెంటీమీటర్లు ముందుకొచ్చింది. టప్పా గుర్తు బ్యాట్స్‌మన్ వికెట్లకు 5.4 మీటర్ల దూరంలో ఉంది. 18.3 నుంచి ఇవన్నీ తీసేస్తే నేల మీద 11.4 మీటర్లు. బంతి దాదాపు రెండు మీటర్ల ఎత్తు నుంచి వాలుగా దిగింది కాబట్టి అసలు దారి 11.6. వీఎల్‌సీలో E నొక్కుతూ ఒక్కో ఫ్రేమూ జరిపితే, వేలికీ బంతికీ మధ్య మొదటిసారి సందు కనబడిన ఫ్రేము నుంచి బంతి అన్నిటికన్నా కిందున్న ఫ్రేము దాకా 88 వచ్చాయి. దుమ్ము లేచిన ఫ్రేమును పట్టుకోవద్దు, దుమ్ము బంతి కన్నా ఆలస్యంగా కనబడుతుంది. 88ని 240తో భాగిస్తే 0.367 సెకన్లు. సగటు వేగం సెకనుకు 31.6 మీటర్లు, అంటే గంటకు 114 కిలోమీటర్లు.

ఇది సగటే. టీవీలో చూపించేది బంతి చేతిని వదిలిన వేగానికి దగ్గరి అంకె, ఆ తర్వాత గాలి దాన్ని లాగుతూనే ఉంటుంది. తోలు బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు, ఇంత దూరానికి సగటు కన్నా చేతి వేగం నాలుగు శాతం ఎక్కువుంటుంది. మన బౌలర్ 118 వేశాడు. రెండు చివర్లలో ఒక్కో ఫ్రేము, దూరంలో ఒక జానెడు పొరపాటు ఉందనుకున్నా 113 నుంచి 124 మధ్యలోనే ఉంటాడు. ఇదే బంతిని పిచ్ కొలవకుండా '22 గజాలే కదా' అనుకుని లెక్కిస్తే 137 వచ్చేది. ఊళ్లలో చెప్పుకునే అంకెల్లో సగం ఇలాగే పుట్టాయని నా అనుమానం.

అదే 0.367 సెకన్లు టెన్నిస్ బంతివైతే కథ మారుతుంది. పరిమాణంలో తోలు బంతికి దగ్గరగా ఉన్నా దాని బరువు 56 నుంచి 59 గ్రాములే. మూడో వంతు బరువున్న దాన్ని గాలి దాదాపు మూడు రెట్లు గట్టిగా ఆపుతుంది. చేతిలో 120తో బయల్దేరిన తోలు బంతి 13 మీటర్ల తర్వాత 110 దగ్గర ఉంటే, టెన్నిస్ బంతి 92 దగ్గరికి దిగజారుతుంది. అందుకే దానికి సగటు మీద 12 శాతం కలపాలి, మన 114 కాస్తా 128 అవుతుంది. బరువైన టెన్నిస్ బంతి వాడితే జవాబు ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంటుంది, ముందు దాన్ని త్రాసులో పెట్టండి. గడ్చిరోలి కూడా భాగమైన విదర్భ నుంచి భారత జట్టుకు ఆడిన ఉమేశ్ యాదవ్, హైదరాబాద్ సిరాజ్ ఇద్దరూ టెన్నిస్ బంతితోనే పెరిగినవాళ్లు. ఆ తేలిక బంతితో బ్యాట్స్‌మన్‌ను తొందరపెట్టాలంటే చేతిని ఎంత విసరాలో ఈ 12 శాతం చెబుతుంది.

కాలాన్ని పట్టి వేగం తేల్చడం రాడార్ కన్నా పాత పని. 1975 డిసెంబరులో పెర్త్‌లో వెస్టిండీస్‌తో టెస్టు జరుగుతుండగా హైస్పీడ్ కెమెరాలు పెట్టి జెఫ్ థామ్సన్ వేగం 160.45గా తేల్చారు. ఇప్పుడు అధికారికంగా ముందున్నది 2003 ప్రపంచకప్‌లో షోయబ్ అఖ్తర్ వేసిన 161.3. ఈ రెండూ వేర్వేరు సాధనాలతో తీసినవి, పక్కపక్కన పెట్టి కిలోమీటరు కూడా లేని తేడాకు కొట్లాడుకోవడంలో అర్థం లేదు.

గన్ చూపిందంతా నిజమనీ కాదు. 2024 డిసెంబరు అడిలైడ్ టెస్టులో సిరాజ్ బంతికి తెర మీద 181.6 అని పడింది. దేశమంతా నవ్వుకుంది, అది సాధనం పొరపాటేనని అందరికీ తెలుసు. కానీ నవ్వడంతో ఆగకుండా లెక్కతోనూ తేల్చవచ్చు. 181తో వేసిన గుడ్ లెంగ్త్ బంతి, గాలినీ టప్పానీ కలుపుకున్నా, 0.4 సెకను లోపే బ్యాట్‌ను చేరాలి. 135తో వేసినదానికి 0.53 దాకా పడుతుంది. సెకనుకు 25 ఫ్రేముల ప్రసారంలో మొదటిది పదింటిలో, రెండోది పదమూడింటిలో ముగుస్తుంది. అంత పెద్ద తేడాకు స్లో మోషన్ కూడా అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త, రీప్లేను లెక్కపెట్టకూడదు, ప్రత్యక్షంగా నడిచిన ముక్కనే తీసుకోవాలి.

మళ్లీ మన 18.3 మీటర్ల పిచ్ సంగతి. అక్కడ 118 వేసినవాడిని ఎదుర్కొన్న బ్యాట్స్‌మన్ "130 ఉంటది" అన్నాడనుకోండి, గొప్ప చెబుతున్నాడని కొట్టిపారేయకండి. ఆ పిచ్ మీద చేతి నుంచి అవతలి క్రీజు దాకా ఉన్నది 15.6 మీటర్లు, నియమాల పిచ్ మీదైతే 17.4. అతనికి దొరికిన సమయం సరైన పిచ్ మీద 132 వేసే బౌలర్ ఇచ్చేంతే. నోటుబుక్కులో రెండు గడులు గీసుకోవడం మంచిది, ఒకటి చేతి వేగానికి, రెండోది బ్యాట్స్‌మన్‌కు దక్కిన సెకన్లకు. బౌలర్‌ను జిల్లా జట్టు ఎంపికకు పంపేటప్పుడు మొదటి గడి చూపించాలి, అక్కడ పిచ్ 20.12 మీటర్లే ఉంటుంది.