తప్పితే డీవియేషన్ రాస్తామా?

మందుల కంపెనీల ఎస్‌ఓపీలు దిద్దేటప్పుడు నాకు అంకెల కన్నా క్రియల దగ్గరే ఎక్కువ పని పడుతుంది. క్యూసీ ల్యాబ్‌లో అనలిటికల్ బ్యాలెన్స్‌ని రోజూ సరిచూసే ఎస్‌ఓపీనే తీసుకోండి. వాడేముందు లెవెల్ చూడటానికి ‘షల్’, స్టాండర్డ్ బరువులు పెట్టి చూడటానికి ‘షుడ్’, రీడింగ్ లాగ్‌బుక్‌లో ఎక్కించడానికి ‘మస్ట్’. ఒక్కో రివిజన్‌లో ఒక్కొక్కరు చెయ్యి పెడితే ఇలాగే తయారవుతుంది.

ఒకరోజు అనలిస్టు బరువులు పెట్టి చూడకుండానే శాంపిల్ తూచాడనుకుందాం. క్యూఏ డీవియేషన్ రాయమంటుంది. ‘షుడ్ అనే కదండీ ఉంది’ అంటాడతను. అతని మాట కొట్టిపారేయలేం. ఐఎస్‌ఓ లెక్కలో షల్ తప్పనిసరి, షుడ్ సిఫారసు. అమెరికా ఎఫ్‌డీఏ కూడా తన గైడెన్సుల్లో షుడ్ అంటే సూచనేనని చెబుతుంది.

తప్పనిసరికి షల్ వాడాలా, మస్ట్ వాడాలా అన్నదానిపై రెండు దారులున్నాయి. ఐఎస్‌ఓ షల్ వాడి, మస్ట్‌ని చట్టంలాంటి బయటి కట్టుబాట్లకు ఉంచుతుంది. అమెరికా ప్రభుత్వ సరళభాషా మార్గదర్శకాలు షల్ మానేసి మస్ట్ వాడమంటాయి. ఏదో ఒకటి ఎంచుకుని, నిర్వచనాల సెక్షన్‌లో రాసి, చివరిదాకా అదే వాడితే చాలు.

అలాగని ఫైండ్-రిప్లేస్ నొక్కేయకూడదు. మూడు మాటలూ వెతికి, ప్రతి వాక్యాన్నీ ఒకటే అడుగుతాను: ఇది చేయకపోతే డీవియేషన్ రాస్తామా? ఎంచుకున్నది షల్ అనుకుంటే, రాస్తామన్నచోట షల్. రాయమంటే షుడ్. ‘ఈ ఎస్‌ఓపీ క్యూసీకి షల్ అప్లై’ లాంటి వాక్యానికి ఈ ప్రశ్నే అతకదు. అది ఎవరికీ పని చెప్పడం లేదు కాబట్టి ‘అప్లైస్’ అంటే సరిపోతుంది.

అసలు చిక్కు మరోచోట ఉంటుంది. ‘బరువుల చెక్ ఉదయం 9 గంటలకు షుడ్ బి డన్’ అని ఉందనుకోండి. దాన్ని షల్ చేస్తే 9.20కి చేసిన ప్రతి రోజూ డీవియేషనే. వదిలేస్తే చెక్కే ఐచ్ఛికమైపోతుంది. ల్యాబ్‌వాళ్లను కూర్చోబెట్టి అడిగితే, వాళ్లకు కావలసింది గడియారం కాదని తేలుతుంది. ఆ రోజు మొదటి శాంపిల్ తూచేముందు చెక్ అయిపోవాలి, అంతే. అప్పుడు వాక్యం ఇలా మారుతుంది: ‘ఆ రోజు మొదటి శాంపిల్ తూచేముందు అనలిస్టు షల్ పర్‌ఫార్మ్ ది చెక్’. ఎవరు చేయాలో కూడా తేలిపోయింది. తేల్చుకోని నిర్ణయాన్ని మెత్తటి షుడ్ వెనక దాచడం ఎస్‌ఓపీల్లో మామూలే. దాన్ని తేల్చవలసింది ల్యాబ్, ఎడిటర్ కాదు.

చివరగా లాగ్‌బుక్ ఫార్మాట్ పక్కన పెట్టుకుని చదవాలి. షల్ అన్న ప్రతి పనికీ అందులో ఒక గడి ఉండాలి. షుడ్ అన్నదానికి గడి ఉంటే, అది ఖాళీగా కనబడ్డ రోజున ఆడిటర్ ఎందుకని అడగక మానడు.