శుక్రవారం వ్రతం, శనివారం గొడవ

డైలీ సీరియల్లో తేదీ ఉండదు. ఒక రాత్రి రెండు వారాలు నడుస్తుంది, ఒక ముహూర్తం నెల దాటినా రాదు, ఎవరూ అడగరు. పండగ వస్తే మాత్రం ఆ ఇంటి క్యాలెండరూ మనింటి క్యాలెండరూ ఒకటైపోవాలి. 2024లో వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 16, శుక్రవారం వచ్చింది. పొద్దున కలశం పెట్టుకుని, సాయంత్రం తాంబూలాలు ఇచ్చిపుచ్చుకుని టీవీ ముందు కూర్చున్న మా ఊరు పరగోడు ఆడవాళ్లకి తెర మీద కోడలు ఇంకా ఆస్పత్రి వరండాలోనే ఏడుస్తూ కనిపిస్తే కుదరదు. కథ ఎక్కడున్నా సరే, ఆ వేళకి ఇంటిల్లిపాదీ తలంటుకుని పట్టుబట్టల్లో హాల్లోకి రావాలి.

అలా రప్పించడంలోనే రచయిత చెయ్యి తెలుస్తుంది. టీవీలో గంటకి పన్నెండు నిమిషాలకి మించి ప్రకటనలు వేయకూడదని నిబంధన. అంటే అరగంట సీరియల్లో కథకి దక్కేది ఇరవై నిమిషాల పైచిలుకు. వారానికి ఆరు రోజులు, సోమవారం నుంచి శనివారం దాకా. శుక్రవారం పండగంటే కథని మళ్లించే పని సోమవారమే మొదలవ్వాలి. ఆస్పత్రిలో ఉన్నవాళ్లకి డాక్టరు "ఇంటికి తీసుకెళ్లొచ్చు" అంటాడు. అలిగి పుట్టింటికి వెళ్లిన కోడలికి బామ్మ ఫోన్ చేస్తుంది. జైల్లో ఉన్న విలన్‌కి బెయిల్ వస్తుంది. ఇవన్నీ చూసేవాళ్లకి ఎప్పటికైనా జరగాల్సినవే అనిపించాలి. పండగ కోసమే చేశారని పసిగట్టారంటే పని చెడినట్టే.

వరలక్ష్మీ వ్రతం రచయితకి ఎందుకంత అనుకూలమో ఒక మాదిరి కథతో చూద్దాం. భార్యాభర్తలకి మాటల్లేవు. ఆ సంగతి అత్తగారికి తెలియదు. ఆడపడుచుకి తెలుసు, బయటపెట్టాలని చూస్తోంది. మామూలు రోజుల్లో ఈ నలుగురూ నాలుగు గదుల్లో ఉంటారు. వ్రతం వాళ్లని ఒకే గదిలో, ఒకే పీట చుట్టూ కూర్చోబెడుతుంది. పైగా మొదలుపెట్టిన పూజ నడిమధ్యలో లేవకూడదు. కోపం వచ్చినా లేవలేని మనుషులు, కేకలు వేయడానికి వీల్లేని చోటు. గొడవకి ఇంతకంటే మంచి రంగస్థలం ఏముంది?

ఇక పూజలో ప్రతి అంగమూ ఒక మలుపుకి పనికొస్తుంది. పసుపు గణపతికి పూజ అవుతుండగా భర్త ఇంకా రాలేదు. తోరగ్రంథి పూజ దగ్గరికి వచ్చేసరికి గుమ్మంలో అడుగుల చప్పుడు. తొమ్మిది పోగులు, తొమ్మిది ముడుల తోరాన్ని కుడిచేతికి కట్టాలి. ఎవరు కడతారు? అత్తగారు ఏమీ తెలియక కొడుకు చేతికే అందిస్తుంది. నెలల తరబడి ముఖం చూడని మనిషి ఇప్పుడు మణికట్టు పట్టుకోవాలి. అక్కడ మాట అవసరం లేదు. కెమెరా వేళ్ల మీద ఉంటుంది, ముడి బిగుసుకుంటుంది, బ్రేక్ పడుతుంది. తర్వాత వ్రతకథ. కుండినపురంలో అత్తమామలని సేవించుకునే చారుమతి కథ పురోహితుడు చదువుతుంటే, వినే కోడలి ముఖం మీదికీ, వింటున్నట్టు నటించే ఆడపడుచు ముఖం మీదికీ దృశ్యం మారుతూ ఉంటుంది. కథలో చారుమతిని మెచ్చుకున్న ప్రతి మాటా ఇక్కడ ఒకరికి ఓదార్పు, ఇంకొకరికి పోటు. రచయిత కొత్తగా ఒక్క సంభాషణా రాయకుండా రెండు నిమిషాల నాటకం నడిపించేస్తాడు. చివర్న వాయనం. ఇచ్చే ముత్తయిదువా పుచ్చుకునే ముత్తయిదువా ఎదురెదురుగా నిలబడి మూడుసార్లు మాట మార్చుకోవాలి. ఆడపడుచు చేతికే వాయనం ఇవ్వాల్సి వస్తే, ఆ మూడుసార్లూ మూడు రకాల చూపులు.

గుట్టు మాత్రం ఆ రోజు బయటపడదు. రేటింగుల లెక్కలో వారం శనివారం మొదలై శుక్రవారంతో ముగుస్తుంది. హారతి అవగానే ఆడపడుచు నోరు తెరవబోతుంది, శుక్రవారం ఎపిసోడ్ అక్కడ ఆగుతుంది. గొడవ శనివారం. ఈ కొలత కుదిరినప్పుడు నాకు నిజంగా ముచ్చటేస్తుంది. పండగ పూట ఇంట్లో ఏడుపు ఉండకూడదన్న చూసేవాళ్ల పట్టింపూ నిలుస్తుంది, కథా ఆగదు.

బాగా కుట్టిన పండగని పట్టుకోవడానికి నేను చూసే గుర్తు ఒకటుంది: వచ్చే మంగళ, బుధవారాల్లో ఆ అమ్మాయి చేతికి తోరం ఉందా లేదా. సీరియళ్లలో సన్నివేశాలు వరసగా తీయరు. ఒకే సెట్‌లో జరిగేవన్నీ ఒక్కసారే తీసి పెట్టుకుంటారు. వచ్చే వారం వంటగది సీను వ్రతం కంటే ముందే తీసి ఉంటే ఆ చెయ్యి బోసిగా ఉంటుంది. తోరం ఉండి, అది వాడి, పసుపు వెలిసి కనిపిస్తే, అక్కడ కంటిన్యుటీ చూసుకున్న అసిస్టెంట్ డైరెక్టరుకి దండం పెట్టాలి. ఇక రచన పరంగా లోపం ఇంకో రకంగా దొరుకుతుంది. నిన్నటిదాకా ఇల్లంతా అల్లాడిన విషయాన్ని పండగ నడిచినన్నాళ్లూ ఒక్కరూ ఎత్తరు, సోమవారం ఉదయం ఆపినచోటు నుంచే మళ్లీ అల్లాడతారు. అలాంటి పండగని తీసేసినా కథకి నష్టం లేదు.

మహాసంగమాల్లో ఈ లోపం తప్పించుకోవడం చాలా కష్టం. రెండు సీరియళ్ల కుటుంబాలు ఒకే పందిట్లో కలిస్తే, ఒక కథకుడు రెండో కథకుడి మనుషులని కదిలించలేడు. అతిథులు వచ్చినట్టే వెళ్లిపోవాలి. అందుకే వాళ్లకి దొంగని పట్టుకోవడమో, పోయిన నగ వెతికిపెట్టడమో అప్పజెబుతారు. చూడ్డానికి సందడి, కథకి మిగిలేది తక్కువ.

వేరే భాష నుంచి వచ్చిన కథల్లో పని ఇంకా పెద్దది. 'ఇంటింటి గృహలక్ష్మి'కి మూలం బెంగాలీ 'శ్రీమొయీ', 'బ్రహ్మముడి'కి మూలం బెంగాలీ 'గాట్‌ఛొడా'. బెంగాలీ ఇంట్లో ఏడాదికంతా పెద్ద పండగ దుర్గాపూజ. మన శ్రావణ శుక్రవారాలకి అక్కడ సరిపోయే సన్నివేశం దొరకదు. అంటే ఆ ఎపిసోడ్లు తెలుగు రచయితలు తెల్లకాగితం మీద మొదలుపెట్టి రాయాల్సిందే. రీమేక్ అని తేలిగ్గా తీసేసేవాళ్లు ఆ వారాలని ఒకసారి పట్టి చూడాలి. అసలు సొంత రచన అక్కడుంటుంది. హిందీ 'బాలికా వధు'ని 'చిన్నారి పెళ్లికూతురు'గా డబ్బింగ్ చేసిన రోజుల్లో ఈ వెసులుబాటే లేదు. తెలుగు ప్రసారం వెనకబడి నడిచింది గనక పండగలు ఋతువు తప్పి వచ్చేవి.

మా బాగేపల్లి వైపు ఇంకో తేడా ఉంది. ఇంట్లో మాట తెలుగు, బడీ ఆఫీసూ కన్నడం, పండగలు కన్నడసీమవి. వ్రతాన్ని మా వాళ్లు వరమహాలక్ష్మి పండగంటారు. వినాయకచవితికి ముందు రోజు గౌరీ పండగ చేసి పుట్టింటి నుంచి బాగినం అందుకుంటారు. తెలుగు సీరియల్లో గౌరమ్మ ఆ రోజు రాదు, నేరుగా వినాయకుడే వస్తాడు. ఉగాది మరునాడు మా దగ్గర హొసతొడకు, పొయ్యి మీద మాంసం ఉడుకుతుంది, తెర మీద ఇంకా పచ్చడే పంచుతుంటారు. బతుకమ్మ మాకు తెరమీదే పరిచయం. తంగేడు, గునుగు పేర్చే పద్ధతి బామ్మ పాత్ర మనవరాలికి చెబుతున్నట్టు రాస్తారు. ఆ మనవరాలికి చెప్పే రెండు ముక్కలూ కోస్తాలోని చూపరికీ, పరగోడులో కూర్చున్న నాకూ కలిపి రాసినవే. కథ ఆపకుండా, పువ్వులు అందించే చేతుల మధ్యే ఆ వివరం చెప్పేసి, చివరి పువ్వు పెట్టేలోగా కోడలి ఫోన్ మోగిస్తారు.