ఒకే సైకిలు, నాలుగు మాటలు

బ్రిటన్ రోడ్ల పక్కన సైకిలు బొమ్మ నాలుగు రకాల బోర్డుల మీద కనిపిస్తుంది. ఎర్ర అంచున్న త్రికోణంలో ఉంటే ముందు సైకిళ్లు తిరిగే దారి ఉంది, చూసుకుని వెళ్లమని అర్థం. ఎర్ర అంచున్న తెల్లటి గుండ్రంలో ఉంటే అక్కడికి సైకిళ్లు రాకూడదు. నీలి గుండ్రంలో తెల్లగా గీసి ఉంటే ఆ దారి సైకిళ్లకు మాత్రమే. అదే తెల్ల సైకిలు నీలి చతురస్రంలోకి మారితే, సైకిలు మీద వెళ్లేవారికి ఈ దారి అనువుగా ఉంటుందన్న సమాచారం. నాలుగింటిలోనూ గీసిన సైకిలు ఒకటే. మాటను మార్చేది దాని చుట్టూ ఉన్న ఆకారం, రంగు. ఆ పనితనం నన్ను కట్టిపడేసింది. కొల్లూరులో మా చెల్లెలి కూతురి ఇంట్లో కూర్చుని, సెల్లుతో తీసిన పుస్తకం పేజీల్లోంచి ఈ గుర్తులను వేరు చేస్తున్నప్పుడే దాన్ని దగ్గరగా చూడగలిగాను.

ఆ పిల్ల పటాన్‌చెరులో కారు నేర్చుకుంటోంది. త్వరలో భర్త దగ్గరికి ఇంగ్లండు వెళ్తుంది. మన లైసెన్సుతో అక్కడ స్థిరపడినవారు మొదటి పన్నెండు నెలలే బండి నడపవచ్చు. ఆ తర్వాత అక్కడి లైసెన్సే కావాలి, దానికి ముందు రాత పరీక్ష. యాభై ప్రశ్నలకు కనీసం నలభై మూడు సరిగ్గా చెప్పాలి. అందుకని అల్లుడు అక్కడి రోడ్డు నియమాల పుస్తకంలోని గుర్తుల పేజీలను ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపాడు. ఆమె వాటిని జిరాక్స్ షాపులో నలుపు తెలుపులో అచ్చు వేయించి, గుర్తులను ఒక్కొక్కటిగా కత్తిరించింది. హెచ్చరికలకు ఒకటి, ఆదేశాలకు ఒకటి, సమాచారానికి ఒకటి అని మూడు పళ్లేలు ముందు పెట్టుకుంది.

ఈ మూడు రకాలు మనకు కొత్తవి కావు. 1988 మోటారు వాహనాల చట్టం మొదటి షెడ్యూలులో మన గుర్తులు కూడా తప్పనిసరివి, హెచ్చరికవి, సమాచారానివి అనే మూడు భాగాలుగానే ఉన్నాయి. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఆమె బొమ్మను బట్టి వేరు చేయడం మొదలుపెట్టింది. కార్లన్నీ ఒక చోట, బాణాలన్నీ ఒక చోట, మనుషుల బొమ్మలన్నీ ఒక చోట చేరాయి. ఏ కుప్పలో చూసినా మూడు రకాలూ కలిసే ఉన్నాయి. "పెద్దమ్మా, ఇవి ఎట్ల విడదీసినా కలిసిపోతున్నయి" అంది. బొమ్మను వదిలేసి అంచును చూడమన్నాను. ఎందుకంటే బోర్డు కూడా మనకు ఆ వరుసలోనే అందుతుంది. దూరాన ఉన్నప్పుడు ముందు ఆకారం తెలుస్తుంది, దగ్గరవుతుంటే రంగు, ఇంకా దగ్గరయ్యాక లోపలి బొమ్మ. బొమ్మ ఏమిటో పూర్తిగా తెలిసేలోపే అది హెచ్చరికో ఆదేశమో నడిపేవారికి తెలిసిపోవాలి. ఆకారానికి ఆ పని అప్పగించారు.

కొన పైకి ఉన్న త్రికోణాలు ముందుగా తేలిపోయాయి. వంపు, పక్కదారి, పశువులు, జారే రోడ్డు, అన్నీ మారు మాట లేకుండా హెచ్చరిక పళ్లెంలోకి వెళ్లాయి. ఒక్కటి మాత్రం కొన కిందికి ఉన్న త్రికోణం. అది హెచ్చరిక కాదు, పెద్ద రోడ్డు మీద వచ్చేవారికి దారి ఇవ్వాలన్న ఆదేశం. ఆగమనే బోర్డుకు ఎనిమిది పలకల ఆకారం ఇచ్చినట్టే, దీనికీ మరే గుర్తుకూ లేని ఆకారం ఇచ్చారు. మంచు పేరుకుని అక్షరాలు కప్పుకుపోయినా, వెనక నుంచి చూసినా ఈ రెండింటినీ పోల్చుకోవచ్చు. పెద్ద రోడ్డు మీద వచ్చేవాడు మన త్రికోణం వీపును చూసి, దారి ఇవ్వాల్సింది మనమేనని తెలుసుకుంటాడు. పొరపాటు పడితే గుద్దుకునే చోట పెట్టే గుర్తులు కాబట్టి వీటికి ఇంత జాగ్రత్త. అయితే కత్తిరించిన ముక్కలో ఈ జాగ్రత్తకు ఒక గండి ఉంది. ముక్క తలకిందులైతే ఇది హెచ్చరిక త్రికోణంలా కనిపిస్తుంది. బ్రిటన్ బోర్డులో లోపల అక్షరాలుంటాయి కనుక బయటపడ్డాం. కత్తిరించే ముందే ప్రతి ముక్క పై అంచున పెన్సిలుతో గీత పెట్టుకోవాలని అప్పుడు తట్టింది.

గుండ్రాలన్నీ ఆదేశాలే, కానీ వాటిలో రెండు జాతులున్నాయి. ఎర్ర అంచున్నవి ఎక్కువగా వద్దనేవి, నిండు నీలి రంగువి ఎక్కువగా ఇలా చెయ్యి అనేవి. జిరాక్సులో ఎరుపూ నీలమూ ముదురు బూడిద రంగయ్యాయి. అయినా ఈ రెండు జాతులూ కలిసిపోలేదు. ఒకదానిలో తెల్ల నేల మీద నల్ల బొమ్మ, చుట్టూ ఉంగరం. రెండోదానిలో ముదురు నేల మీద తెల్ల బొమ్మ, ఉంగరమే లేదు. రంగు చెప్పే సంగతినే వెలుగు నీడలు కూడా విడిగా చెబుతున్నాయి. మసక వెలుతురులో, రంగులు సరిగా తెలియని కళ్లకు ఆసరా ఇదే.

మన దగ్గర నేర్చుకున్నవారు తడబడేది అడ్డగీత దగ్గర. సైకిళ్లు నిషేధమని చెప్పే మన బోర్డు మీద ఎర్ర అడ్డగీత ఉంటుంది. కనుక గీత ఉంటే వద్దని, లేకపోతే సరేనని మనసులో పడిపోతుంది. బ్రిటన్‌లో ఆ గీత మలుపులు తిరగవద్దనే గుర్తుల వంటి కొన్నింటికే. కారు, దానిపైన మోటారు సైకిలు, చుట్టూ ఎర్ర ఉంగరం, గీత లేదు. మా పిల్ల దాన్ని "ఇక్కడ కార్లు, బైకులు పోవచ్చు" అని చదివింది. నిజానికి అక్కడికి ఏ మోటారు వాహనమూ రాకూడదు. వద్దనే మాట ఉంగరంలోనే ఉంది, గీతలో కాదు. దీనికి తిరగబడేది ఇంకొకటి ఉంది. ఎర్ర ఉంగరం లేని తెల్ల గుండ్రం మీద నల్లటి ఏటవాలు గీత. మన దగ్గర అలాంటి గుర్తుకు ఆంక్ష ముగిసిందని అర్థం. అక్కడ మాత్రం దేశమంతటికీ వర్తించే వేగ పరిమితి ఇక్కడ మొదలైందని అర్థం. డివైడరు లేని రోడ్డు మీద కారుకు గంటకు అరవై మైళ్లు, అంటే దాదాపు 97 కిలోమీటర్లు.

సమాచారం పళ్లెంలోకి చతురస్రాలు, దీర్ఘచతురస్రాలు వెళ్లాయి. ఇక్కడ రెండు ముక్కలను పక్కపక్కన పెట్టి చూడాలి. నీలి దీర్ఘచతురస్రంలో పైకి చూసే తెల్ల బాణం ఉంటే ఇది ఒకవైపు రోడ్డు అనే సమాచారం. అదే బాణం నీలి గుండ్రంలో ఉంటే నేరుగానే వెళ్లాలి, తిరగకూడదు అనే ఆదేశం. మొదటి దాని దగ్గర మనం పక్క వీధిలోకి తిరగవచ్చు, రెండో దాని దగ్గర తిరిగితే తప్పు.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది రెండు బాణాల బొమ్మ. ఒకటి పైకి, ఒకటి కిందికి. అక్కడ కూడా మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి ఎడమ బాణం మనది, కుడి బాణం ఎదురుగా వచ్చేవాడిది. త్రికోణంలో రెండూ నల్లగా, సమానంగా ఉంటాయి. ముందు రెండు వైపుల నుంచీ బండ్లు వస్తాయన్న హెచ్చరిక అది. ఎర్ర అంచు గుండ్రంలో మన బాణం ఎర్రగా, చిన్నగా మారుతుంది, ఎదుటివాడిది నల్లగా, పెద్దగా ఉంటుంది. ఇరుకు వంతెన దగ్గర ఆగి ఎదుటివాడిని పోనివ్వమన్న ఆదేశం. నీలి చతురస్రంలో మన బాణం తెల్లగా, పెద్దగా ఉంటుంది, ఎదుటిది చిన్నగా, ఎర్రగా. ముందు వెళ్లే హక్కు మనదన్న సమాచారం. ఎవరు ఆగాలో వారి బాణం ఎర్రబడుతుంది, చిన్నదవుతుంది. ఒకే మాటను రంగుతో ఒకసారి, సైజుతో ఒకసారి చెప్పారు. మా జిరాక్సులో ఎరుపు దాదాపు నల్లబడిపోయింది, సైజు మాత్రం మిగిలింది, అందుకే చదవగలిగాం. ఆ గుండ్రం ముక్కను తలకిందులుగా పట్టుకుంటే పెద్ద బాణం ఎడమకు వచ్చి పైకి చూస్తుంది, ఆగాల్సినవాళ్లం మనమే ముందు వెళ్లాలన్నట్టు కనిపిస్తుంది. పెన్సిలు గీత విలువ ఇక్కడ తెలిసింది.

ఇంత పొందిక ఊరికే రాలేదు. బ్రిటన్‌లో అంతకుముందు గుర్తులు కలగాపులగంగా ఉండేవి, చాలా వాటిలో మాటలే ఎక్కువ. సర్ వాల్టర్ వోర్‌బాయ్స్ అధ్యక్షతన వేసిన కమిటీ 1963లో నివేదిక ఇచ్చింది. ఆ కమిటీ కోసం జాక్ కినీర్, మార్గరెట్ కాల్వర్ట్ అనే ఇద్దరు డిజైనర్లు గుర్తులన్నిటినీ కొత్తగా గీశారు. 1965 జనవరి 1 నుంచి అవి అమలులోకి వచ్చాయి. పిల్లలు రోడ్డు దాటే చోటు గుర్తులో పాత బొమ్మలో అబ్బాయి చేయి పట్టి అమ్మాయిని నడిపించేవాడు. కాల్వర్ట్ దాన్ని మార్చి, చిన్నప్పటి తన రూపంతో ఒక అమ్మాయిని గీసి, తమ్ముడి వంటి పిల్లవాడిని ఆమె చేతికి ఇచ్చారు. అరవై ఏళ్లయినా ఆ బొమ్మ ఇంకా వాడుకలోనే ఉంది.

అయితే నలుపు తెలుపు కాగితం మోయలేనివి కొన్ని మిగిలాయి. లోపలికి రావద్దనే గుర్తు నిండు ఎర్ర గుండ్రం, మధ్యలో తెల్ల పట్టీ. అచ్చులో అది నీలి గుండ్రాల అక్కలా తయారైంది. బండి ఆపవద్దనే గుర్తులో నేల నీలం, అంచు ఎరుపు, మీద ఎర్ర ఇంటూ. నీలం చూసి ఇది చేయమనే జాతి అనుకుంటే మునిగినట్టే, ఎర్ర అంచు ఉందంటే వద్దనే మాటే. ఈ ముక్కలను పళ్లెంలో వేయకుండా పక్కన పెట్టి, ఫోన్లో రంగు ఫొటో తెరిచి సరిచూశాం. ట్యూబులైటు మెరుపు పడి ఒక మూల తెల్లబోయిన పేజీలోని గుర్తులనూ, కింది వివరణ తెగిపోయిన గుర్తులనూ ఊహించి పెట్టలేదు. మళ్లీ పంపమన్నాం. అంకెల గుర్తుల వెనక మాత్రం ఆమె కిలోమీటర్లు కూడా రాసుకుంది, ఎందుకంటే అక్కడి ఎర్ర ఉంగరంలో 30 అంటే మైళ్లు. కొల్లూరు దగ్గర ఔటర్ మీద స్పీడు మీటరు చూసిన కంటికి అది 48 అని గుర్తుండాలి.

ఇలా ఇంటికి గుర్తుల పేజీలు పంపేవారికి ఒక విన్నపం. పుస్తకాన్ని కిటికీ వెలుగులో పరచి, నిటారుగా పైనుంచి తీయండి. పేజీ పైన ఉన్న విభాగం పేరు, ప్రతి గుర్తు కింది వివరణ ఫొటోలో తప్పకుండా పడాలి. పుస్తకం ఏ సంవత్సరం ముద్రణో తెలిపే పేజీని కూడా కలిపి పంపండి. పాత పుస్తకంలో లేని గుర్తులు కొత్త పరీక్షలో రావచ్చు.