ఐరన్ మాత్రలో ఇనుమెంత?

మందుల షాపుల్లో దొరికే ఐరన్ మాత్రల్లో ఫెరస్ ఆస్కార్బేట్ ఒకటి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకిచ్చే ఎర్ర మాత్ర వేరు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము ఫెరస్ సల్ఫేట్ రూపంలో ఉంటుంది. ఇంటర్ ల్యాబ్‌లో మోర్ లవణంతో చేసే పర్మాంగనేట్ టైట్రేషన్ ఎర్ర మాత్రకు పనికొస్తుంది, ఆస్కార్బేట్‌కు పనికిరాదు. కారణం ఎలక్ట్రాన్ల లెక్కలోనే ఉంది.

Fe²⁺ → Fe³⁺ + e⁻

MnO₄⁻ + 8H⁺ + 5e⁻ → Mn²⁺ + 4H₂O

ఇనుము ఒక ఎలక్ట్రాన్ ఇస్తుంది, పర్మాంగనేట్ అయిదు తీసుకుంటుంది. అందుకే మొదటి సమీకరణాన్ని అయిదుతో గుణించి రెండోదానికి కలపాలి:

MnO₄⁻ + 5Fe²⁺ + 8H⁺ → Mn²⁺ + 5Fe³⁺ + 4H₂O

ఒక మోల్ పర్మాంగనేట్ ఖర్చయిందంటే అయిదు మోల్‌ల ఇనుము ఉన్నట్టు.

ముందు మాత్రల మీది చక్కెర పూతను తడి గుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. చక్కెర కూడా పర్మాంగనేట్‌ను నెమ్మదిగా తినేస్తుంది, వచ్చిన గులాబీ రంగు నిలవదు. పూత తీసిన పది మాత్రలు 4.00 గ్రాములు తూగాయనుకుందాం. వాటిని నూరి, 1.000 గ్రాము పొడిని సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి, వడగట్టి, 100 మి.లీ.కి చేర్చాలి. అందులోంచి పిపెట్‌తో 25 మి.లీ. ఫ్లాస్క్‌లోకి తీసుకుని వెంటనే టైట్రేషన్ మొదలుపెట్టాలి. ఆలస్యం చేస్తే గాలిలోని ఆక్సిజన్ కొంత ఇనుమును ముందే ఆక్సీకరిస్తుంది, ఫలితం తగ్గుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే క్లోరైడ్ కూడా ఆక్సీకరణమై ఫలితం పెరుగుతుంది. ఆమ్లం చాలకపోతే ఫ్లాస్క్‌లో గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడ్ కనిపిస్తుంది, ఆ పాఠ్యాంకాన్ని వదిలేయాలి.

బ్యూరెట్‌లోని 0.00500 మోలార్ పర్మాంగనేట్‌ను ఆక్సాలేట్‌తో ముందే ప్రమాణీకరించి ఉండాలి, ఎందుకంటే అది నిల్వలో మెల్లగా విచ్ఛిన్నమవుతుంది. లేత గులాబీ రంగు అర నిమిషం నిలిస్తే అదే అంతిమ స్థానం. ముదురు రంగు ద్రావణం కాబట్టి బ్యూరెట్‌లో పై అంచునే చదవాలి.

26.60 మి.లీ. ఖర్చయిందనుకుందాం. పర్మాంగనేట్ 0.1330 మిల్లీమోల్‌లు, ఇనుము దానికి అయిదింతలు, అంటే 0.6650. దాన్ని 55.85తో గుణిస్తే 37.14 మిల్లీగ్రాములు. 100 మి.లీ.లో 148.6 మిల్లీగ్రాములు. ఇదంతా ఒక గ్రాము పొడిలోనిదే, కాబట్టి పూత తీసిన మాత్ర బరువులో ఇనుము 14.86 శాతం. మాత్ర 0.400 గ్రాములు గనక ఒక్కోదానిలో 59.4 మిల్లీగ్రాములు, పైన రాసిన 60కి చాలా దగ్గర.

ఇప్పుడు ఫెరస్ ఆస్కార్బేట్. అందులో ఒక ఇనుము అయాన్‌కు రెండు ఆస్కార్బేట్‌లుంటాయి, ఒక్కొక్కటీ కనీసం రెండు ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఇనుముది ఒకటి, వాటివి నాలుగు. పర్మాంగనేట్‌కు ఏ ఎలక్ట్రాన్ ఎవరిదో తేడా తెలియదు. పై సమీకరణాన్నే నమ్మి లెక్కవేస్తే, ఉన్న ఇనుముకు అయిదింతలో అంతకన్నా ఎక్కువో కనిపిస్తుంది. ఫెరస్ ఫ్యూమరేట్‌లోనూ ఫ్యూమరేట్ ద్విబంధం పర్మాంగనేట్‌తో చర్య జరుపుతుంది. ఆ తరహా మాత్రలకు ఇనుమును మాత్రమే విడిగా కొలిచే పద్ధతి కావాలి. ఫెరస్ సల్ఫేట్ మాత్రకు కూడా ఔషధ ప్రమాణ గ్రంథాలు పర్మాంగనేట్ బదులు సీరియం లవణాన్ని, ఫెర్రోయిన్ సూచికను వాడమనడానికి కారణం అదే: మాత్రలోని ఇతర పదార్థాల జోలికి సీరియం అంత తేలిగ్గా వెళ్లదు.