ఇరవయ్యా? అరవయ్యా? మూడు గంటల మీటింగుకి ఎంత బిట్‌రేటు కావాలి

అపార్ట్‌మెంటు సంఘం సర్వసభ్య సమావేశం రికార్డింగుని సరదాకి ఎవరూ వినరు. రెండు నెలల తర్వాత తగాదా వచ్చినప్పుడు వింటారు. లిఫ్టు మరమ్మతుకి ఒప్పుకున్నది ఇరవై వేలా, అరవై వేలా? కాంట్రాక్టరుకి అడ్వాన్సు ‘ఇస్తాం’ అన్నారా, ‘ఇవ్వం’ అన్నారా? ఇరవైకీ అరవైకీ తేడా మొదటి అచ్చు ఒక్కటే. ఔనో కాదో తేలేది వాక్యం చివర, క్రియలో. సరిగ్గా అక్కడికొచ్చేసరికి మాట్లాడే మనిషి గొంతు దిగిపోతుంది. కాబట్టి మీటింగు రికార్డింగు బాగుందా లేదా అని తేల్చడానికి సంగీతం వినే చెవి అక్కర్లేదు. ఆ మొదటి అచ్చూ ఆ చివరి క్రియా వినిపిస్తే చాలు. దానికి ఎంత జాగా ఖర్చు పెట్టాలన్నదే అసలు లెక్క.

ఈ లెక్క ఫోన్లతో మొదలైంది కాదు. ఒలింపస్ కంపెనీ 1969లో తెచ్చిన మైక్రోక్యాసెట్టు సెకనుకి 2.4 సెంటీమీటర్ల వేగంతో తిరిగేది. విలేకరులు జేబులో వేసుకు తిరిగిన ఆ చిన్న రికార్డర్లలో చాలావాటికి ఇంకో మీట ఉండేది. దాన్ని జరిపితే వేగం 1.2కి పడిపోయి, అదే టేపు రెట్టింపు సేపు వచ్చేది. బదులుగా పై స్థాయి ధ్వనులు పోయేవి, సకారాలు మొద్దుబారేవి. పొడవైన ప్రెస్‌మీటుకి వెళ్లేవాళ్లు ఆ నష్టం తెలిసే మీట జరిపేవారు. ఇప్పుడు టేపు లేదు, మీట మాత్రం సెట్టింగుల్లో ‘క్వాలిటీ’ అనే పేరుతో అలాగే ఉంది.

సెకను శబ్దాన్ని రాయడానికి ఫోను ఎన్ని బిట్లు వాడుతుందో అదే బిట్‌రేటు. సెకనుకి 64 కిలోబిట్లు అంటే 8 కిలోబైట్లు. గంటకి 3,600 సెకన్లు కాబట్టి దాదాపు 29 ఎంబీ. ఇంకా తేలిక దారి కావాలంటే, బిట్‌రేటుని 0.45తో గుణించండి, గంటకి ఎన్ని ఎంబీలో వచ్చేస్తుంది. 128 అయితే 58, 256 అయితే 115. ఏమీ కుదించకుండా సీడీ నాణ్యతతో ఒక్క చానెల్లో రాసే వేవ్ ఫైలుకి బిట్‌రేటు 705.6, అంటే గంటకి సుమారు 318 ఎంబీ.

మీ ఫోను ఎంత వాడుతోందో సెట్టింగుల్లో చాలాసార్లు రాసి ఉండదు. కొన్నిటిలో High, Medium, Low అని మాత్రమే ఉంటుంది. ఐఫోన్లో Compressed, Lossless అని ఉంటుంది. పేర్లని నమ్ముకోనక్కర్లేదు. నిమిషం పాటు రికార్డు చేసి ఫైలు సైజు చూడండి. అర ఎంబీ దగ్గర ఉంటే అది 64. ఒక ఎంబీ దగ్గర ఉంటే 128. అయిదారు ఎంబీలు తూగితే అసలు కుదింపే లేదని అర్థం.

ఫైలు పేరు చివర కనిపించే తోకకీ శబ్దాన్ని కుదించే పద్ధతికీ తేడా ఉంది. ఇప్పటి ఫోన్లు ఎక్కువగా ఇచ్చే .m4a ఒక డబ్బా మాత్రమే. అందులో సాధారణంగా ఉండేది ఏఏసీ పద్ధతిలో కుదించిన శబ్దం. ఐఫోన్లో Lossless ఎంచుకుంటే అదే .m4a డబ్బాలో ఏమీ పారెయ్యని శబ్దం ఉంటుంది, సైజు కొన్ని రెట్లు పెరుగుతుంది. అందుకే తోక చూసి నాణ్యత చెప్పలేం.

పాత ఫోన్లలో కనిపించే .amr కథ వేరు. అది ఫోన్ కాల్ కోసం పుట్టిన పద్ధతి. గరిష్ఠ బిట్‌రేటు 12.2 మాత్రమే, అంటే గంట మాటలు అయిదున్నర ఎంబీల్లో సర్దుకుంటాయి. పొదుపంటే అదీ అనిపిస్తుంది. కానీ అది శబ్దాన్ని సెకనుకి 8,000 సార్లే కొలుస్తుంది, కాబట్టి 4,000 హెర్ట్జ్ పైనున్నదేదీ అందులో ఉండే వీలు లేదు. సకారం బలమంతా ఎక్కువగా ఆ గీతకి పైనే ఉంటుంది. ఫోన్లో పేరు చెప్పేటప్పుడు ‘స’ అన్నది అవతలివాళ్లకి ‘ఫ’లా వినబడటం అందుకే.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. ఇలాంటి పద్ధతులు శబ్దాన్ని ఉన్నది ఉన్నట్టు రాయవు. ఒక మనిషి గొంతూ నోరూ ఆ ఘడియలో ఎలా పలుకుతున్నాయో ఊహించుకుని, ఆ ఊహ వివరాలు మాత్రం రాస్తాయి. మైకు దగ్గర ఒక్క నోరు ఉన్నంతసేపూ ఊహ చక్కగా కుదురుతుంది. సమావేశంలో ఉండేది ఒక్క నోరు కాదు. కోశాధికారి లెక్కలు చదువుతుంటే వెనక వరసలో ఇద్దరు అడ్డుతగులుతారు, పైన నాలుగు ఫ్యాన్లు తిరుగుతుంటాయి, ఎవరో కుర్చీ లాగుతారు. ఈ మొత్తాన్నీ ఒక్క గొంతుగా ఊహించబోయి పద్ధతి తడబడుతుంది. ఇద్దరూ కలిసి మాట్లాడిన చోట ఇద్దరి మాటా పోతుంది.

ఏఏసీ, ఎంపీ3 ఆ దారిన వెళ్లవు. పెద్ద శబ్దం చాటున చెవికి వినబడని చిన్న శబ్దాలని లెక్కగట్టి, వాటికి బిట్లు తగ్గిస్తాయి. అయినా ఫ్యాను వీటికీ శత్రువే. ఫ్యాను హోరుకి ఒక తీరూ తెన్నూ ఉండదు కాబట్టి కుదించడానికి చిక్కదు. బిట్లు దానికే ఖర్చయిపోతుంటే, దూరంగా కూర్చున్నాయన లోగొంతుకతో అన్న ‘ఇవ్వం’కి మిగిలేది తక్కువ. అంటే గది ఎంత హోరుగా ఉంటే బిట్‌రేటు అంత పెంచాల్సి ఉంటుంది. ఫ్యాను ఆపేస్తే డబ్బు ఖర్చు లేకుండా అదే ఫలితం వస్తుంది, మే నెలలో అయితే సభ్యులు ఒప్పుకోరు.

ఓపస్ అనే పద్ధతి 2012లో ప్రమాణంగా వచ్చింది. వాట్సాప్ వాయిస్ మెసేజీలు వాడేది దాన్నే. గొంతుని ఊహించే పద్ధతినీ, శబ్దాన్ని శబ్దంగా కుదించే పద్ధతినీ కలిపి, ఎప్పుడు ఏది నప్పితే దాన్ని వాడుతుంది. తక్కువ బిట్‌రేటుల్లో మాటలకి దీన్ని మించినది సామాన్యుడి చేతికి దొరకడం కష్టం. ఫోన్లో ముందే ఉండే రికార్డర్లు దీన్ని సాధారణంగా ఇవ్వవు, కాబట్టి దీని పని మీటింగు అయ్యాక.

రికార్డింగు పాడైతే తప్పు ఎక్కడుందో చెవే చెబుతుంది. ఎవరూ మాట్లాడనప్పుడు ఫ్యాను హోరు నీళ్లలో బుడగల్లా గులగులమంటే బిట్‌రేటు చాలలేదు. హోరు మామూలుగా ఉండి స, శ, ష మూడూ ఒకేలా మొద్దుగా వినిపిస్తే సెకనుకి కొలిచే సార్లు తక్కువయ్యాయి. అన్నీ స్పష్టంగా ఉండి మాట మాత్రం నూతిలోంచి వచ్చినట్టుంటే అది మైకు దూరం. ఈ మూడోదాన్ని ఏ బిట్‌రేటూ బాగుచెయ్యలేదు. మాట్లాడే మనిషి నుంచి ఫోను దూరం రెట్టింపైతే నేరుగా అందే గొంతు ఆరు డెసిబెల్స్ పడిపోతుంది, గోడల ప్రతిధ్వని మాత్రం తగ్గదు. అందుకే 256లో మూల పెట్టిన ఫోను కంటే 64లో బల్ల మధ్యన, గుడ్డ మీద పెట్టిన ఫోను మంచి రికార్డింగు ఇస్తుంది.

మాట వినిపించినప్పుడే రికార్డు చేసే సదుపాయం కొన్ని పరికరాల్లో ఉంటుంది. జాగా ఆదా అని దాన్ని ఆన్ చేస్తారు. గొంతు విని మేలుకునేలోపు మొదటి అచ్చు జారిపోతుంది. ‘ఇరవై’, ‘అరవై’ రెండూ ‘రవై’ అయి కూర్చుంటాయి. మీటింగుకి దాన్ని ఎప్పుడూ వాడకండి.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. నలభైమంది, మూడు గంటల ఇరవై నిమిషాలు, నాలుగు ఫ్యాన్లు. వేవ్‌లో ఒక్క చానెల్ అయినా ఒక జీబీ దాటుతుంది. 256లో 384 ఎంబీ, 64లో 96 ఎంబీ. నెలకొకటి చొప్పున ఏడాది దాచితే వేవ్‌కి దాదాపు 13 జీబీ, 64కి జీబీ పైన కొద్దిగా. చిన్న గదిలో, పదిమందిలోపు ఉంటే ఏఏసీలో 64 చాలు. ఈ లెక్కలోలాంటి హాలుకి 128 పెట్టండి, 192 ఎంబీ అవుతుంది, ఇవాళ్టి ఫోనుకి అది భారం కాదు. 256 అనవసరం. స్టీరియో ఉంటే మానేసి మోనో పెట్టండి. ఒకే ఫోను ముందు రెండు చానెళ్లు దాదాపు ఒకే మాటని మోస్తాయి, ఉన్న బిట్లని రెండు చోట్ల పంచుకుంటాయి.

జాగా కంటే భయపడాల్సింది ఇంకోటి. .m4a ఫైల్లో శబ్దం ఏ ముక్క ఎక్కడుందో చెప్పే పట్టిక చాలా రికార్డర్లలో చివర, మీరు ఆపు నొక్కినప్పుడు రాయబడుతుంది. మూడో గంటలో బ్యాటరీ అయిపోయినా, బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు యాప్‌ని మూసేసినా ఆ పట్టిక ఉండదు. ఫైలు 80 ఎంబీలు చూపిస్తుంది, ప్లేయరు మాత్రం తెరవలేనంటుంది. అదే ఫోన్లో తీసిన మంచి ఫైలుని నమూనాగా ఇస్తే పట్టికని మళ్లీ కట్టే ప్రోగ్రాములున్నాయి, ప్రతిసారీ ఫలిస్తాయని లేదు. ఎంపీ3, ఓపస్ ముక్కముక్కగా రాసుకుపోతాయి కనుక కరెంటు పోయిన క్షణం వరకూ వినిపిస్తాయి. కాబట్టి .m4a ఇచ్చే ఫోన్లో ఒక్క పొడుగు రికార్డింగు పెట్టుకోకుండా, అజెండాలో ఒక్కో అంశం ముగిసినప్పుడు ఆపి, దాచి, మళ్లీ మొదలుపెట్టండి. వెతకడానికీ అదే సుఖం. ఫోన్ కాల్ వస్తే రికార్డింగు ఆగిపోవచ్చు, ఏరోప్లేన్ మోడ్ పెట్టి చార్జరు తగిలించండి.

తగాదా పడ్డ పదిహేను నిమిషాలే ఎవరికైనా పంపాలంటే యాప్‌లో కత్తిరించి మళ్లీ ఎగుమతి చెయ్యకండి. కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే ప్రతిసారీ కొంత పోతుంది. కంప్యూటర్లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉంటే కుదించకుండానే ముక్క తీయొచ్చు:

```
ffmpeg -i sabha.m4a -ss 01:10:00 -to 01:25:00 -c copy lift.m4a
```

దీర్ఘకాలం దాచే ప్రతికి ఓపస్‌లో 32 కిలోబిట్లు సరిపోతుంది. మన మూడు గంటల ఇరవై నిమిషాలు 48 ఎంబీలవుతుంది:

```
ffmpeg -i sabha.m4a -ac 1 -c:a libopus -b:a 32k sabha.opus
```

16కి దించితే 24 ఎంబీలే, కానీ ఫ్యాన్లున్న హాల్లో ఒకేసారి ఇద్దరు మాట్లాడిన చోటు ముందు విని చూడండి. అక్కడ అంకెలు విడిగా వినబడకపోతే 32 దగ్గరే ఆగండి. మినిట్స్ పుస్తకంలో తీర్మానాలు తర్వాతి సమావేశంలో చదివి సంతకాలు అయ్యేదాకా అసలు ఫైలుని చెరపవద్దు. సంతకాలయ్యాక చిన్న ప్రతి చాలు.