చార్మినార్ ఆగ్నేయ మూల

2012 నవంబరులో పాతబస్తీ ఉద్రిక్తంగా ఉన్న రోజుల్లో ‘ది హిందూ’ పత్రిక చార్మినార్ పాత ఫొటో ఒకటి వేసింది. ఇప్పుడు ఆగ్నేయ మీనారు పాదం దగ్గర భాగ్యలక్ష్మి గుడి ఉంది కదా, ఆ ఫొటోలో అక్కడ కట్టడమేదీ లేదు. వెంటనే మాట లేచింది: ఉన్నదాన్ని కంప్యూటర్లో చెరిపేశారని. పత్రిక వివరణ ఇవ్వాల్సి వచ్చింది. ఫొటో అసలుదేనని, 1957లో, 1962లో తీసిన చిత్రాల్లో గుడి నిర్మాణం లేదని చెప్పింది. 1990, 1994ల్లో తీసినవాటిలో మాత్రం అది కనబడుతోందని చూపించింది. అమెరికాలో ఎం.ఐ.టి. గ్రంథాలయాల దగ్గరున్న ఆగాఖాన్ సేకరణలోని 1986 నాటి ఫొటోలోనూ గుడి ఉంది.

గుడి ఎవరిది, ఎప్పటిది అన్న వాదనకు కోర్టులున్నాయి, పురావస్తు శాఖ ఉంది. నాకు కావలసింది ఫొటో సంగతి. ఫొటోలోంచి ఏదైనా తీసేస్తే మోసం అంటాం. ఒక ఫొటోలో ఏదో లేదు, అంతమాత్రాన దాన్ని ఎవరో తీసేశారని ఎలా చెబుతాం? ‘చెరిపేశారు’ అన్న మాట కూడా ఒక ఆరోపణే. దానికీ రుజువు కావాలి.

మొదట చూడాల్సింది ఫొటోగ్రాఫర్ ఎక్కడ నిలబడ్డాడన్నది. గుల్జార్ హౌజ్ వైపు నుంచి, అంటే ఉత్తరాన నిలబడి తీస్తే ఆగ్నేయ మీనారు పాదం కట్టడం వెనక్కి పోతుంది. లాడ్ బజార్ వైపు నుంచి తీసినా అంతే. ఆ మూల కనబడాలంటే సర్దార్ మహల్ ఉన్న తూర్పు వైపో, శాలిబండ వైపు దక్షిణానో నిలబడాలి. కాబట్టి ‘చార్మినార్ పాత ఫొటో, అందులో గుడి లేదు’ అంటూ ఎవరైనా పంపితే ముందు దిక్కు పోల్చుకోవాలి. గుల్జార్ హౌజ్ నుంచి తీసిన ఫొటో ఎంత పాతదైనా ఈ విషయంలో సాక్షి కాదు. ఈ రోజు తీసినా అది అంతే మౌనంగా ఉంటుంది.

తర్వాత కాలం. చార్మినార్ తన కాలాన్ని తనే చెబుతుంది. నాలుగు కమానుల మీద గడియారాలు పెట్టింది 1889లో. అవి లేకుండా ఉంటే ఫొటో అంతకు ముందుది. అవి ఉంటే దుకాణాల బోర్డులు, బస్సులు, కరెంటు స్తంభాలు చూసుకుంటూ కిందికి రావాలి. బాగా పాతవాటిలో ఇంకో చిక్కుంది. 1838లో దగేర్ పారిస్ వీధిని తీసిన ఫొటో ప్రసిద్ధమే. కెమెరా నిమిషాల తరబడి తెరిచి ఉండడంతో కదిలే జనం, బండ్లు పడలేదు. బూట్లు తుడిపించుకుంటూ నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు. ఆ వీధిని ఎవరూ ఖాళీ చేయించలేదు. కట్టడాలు మాత్రం కదలవు కనుక గుడి విషయంలో ఈ సాకు చెల్లదు.

ఇక చెరపడం. 1957 నాటికి ఫొటోలు మార్చే కంప్యూటర్ లేదు, కానీ చెరపడం లేదనుకుంటే పొరపాటు. పత్రికాఫీసుల్లో టచింగ్ చేసేవాళ్లు ఉండేవాళ్లు. ప్రింటు మీద సన్నటి కుంచెతో తెలుపు, బూడిద రంగులు పూసి, బ్లాకులో మసకగా పడేవాటిని తేటపరిచేవాళ్లు. కావాలనుకుంటే మనిషిని మాయం చేయగలిగేవాళ్లు కూడా. అయితే ఆ పనంతా ప్రింటు మీద సాగేది. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక్కో ఫ్రేము 36 మి.మీ. వెడల్పు, 24 మి.మీ. ఎత్తు. అందులో మీనారు పాదం దగ్గరి చిన్న కట్టడం మిల్లీమీటరో, రెండో ఉంటుంది. అంత చోట నెగటివ్ మీదే కుంచె ఆడించి, వెనక రాళ్ల వరుసలు చెదరకుండా చేయడం దాదాపు అసాధ్యం. అందుకే మాయ చేసేవాళ్లు ప్రింటు మీద చేసి, దాన్ని మళ్లీ ఫొటో తీసి కొత్త నెగటివ్ పుట్టించేవాళ్లు.

దొరికేది అక్కడే. కొత్త నెగటివ్ ఒంటరిది. అసలు నెగటివ్‌కు ముందూ వెనకా తోబుట్టువులుంటారు: అదే పట్టీలో అదే ఎండలో తీసిన ఫ్రేములు, రెండడుగులు పక్కకు జరిగి తీసినవి, పక్కనే వరుస అంకెలు. మొత్తం పట్టీని అబద్ధం చేయడం ఒక ఫ్రేమును చేయడం లాంటిది కాదు. నన్నెవరైనా ఆ గొడవలో అడిగి ఉంటే వెబ్‌సైట్లో పెట్టిన బొమ్మను పెద్దది చేసి చుక్కలు లెక్కపెట్టొద్దని, పట్టీ అడగమని చెప్పేవాణ్ని. పత్రిక ఒక్క ఫొటోతో ఆగకుండా వేర్వేరు ఏళ్ల చిత్రాలు చూపడం కూడా ఈ దారిలోదే. వేర్వేరు సందర్భాల్లో, ఈ గొడవ పుట్టకముందు తీసిన ఫొటోలు ఒకే మాట చెబుతుంటే కొట్టిపారేయడం కష్టం.

డిజిటల్ కాలంలోనూ పరీక్ష ఇదే. వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చివరి దశకు వచ్చినవాళ్ల దగ్గర కెమెరా అసలు ఫైలుతో పాటు దానికి ముందు తీసినవి, తర్వాత తీసినవి కూడా అడుగుతారు. నీడల దిక్కు, ఒకే ఇటుక మచ్చ రెండు చోట్ల కనబడడం లాంటివి అనుమానం పుట్టించడానికి పనికొస్తాయి. అనుమానం తీరాలంటే మాత్రం ఫైలు కావాలి.

అయితే పట్టీ తేల్చేది మార్పు జరిగిందా లేదా అన్నంతవరకే. జరిగిన మార్పు మోసమా కాదా అన్నది ఫొటో పక్కన మనం ఏం రాశామన్నదాన్ని బట్టి ఉంటుంది. చార్మినార్ ముందు తోపుడు బండ్లు, ఆటోలు, వేలాడే వైర్లు తీసేసి టూరిజం పోస్టరు వేస్తే అది ప్రకటన. నాకు నచ్చదు గానీ మోసమనను. అదే ఫొటోను పాదచారుల పథకం వార్త పక్కన ‘ఇప్పుడు చార్మినార్’ అని వేస్తే అబద్ధమే. ఆ బండ్లవాళ్లను అక్కడినుంచి లేపారా లేదా అన్నదే కదా వార్త! మక్కా మసీదు మీద నాలుగు పావురాలు అతికించడమూ అంతే. క్యాలెండరుకు అడ్డులేదు, వార్తకు అడ్డు.

వార్తా ఫొటోలో మాత్రం ‘చిన్నదే కదా’ అన్న సాకు నేను ఒప్పుకోను. సిరియా యుద్ధంలో నార్సిసో కాంట్రెరాస్ తీసిన ఒక తిరుగుబాటుదారుడి ఫొటోలో మూలన తోటి విలేఖరి వీడియో కెమెరా పడింది. దాన్ని చెరిపేశాడు. 2014 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ అతనితో సంబంధం తెంచుకుంది. అంతకు ముందు ఏడాదే పులిట్జర్ అందుకున్న బృందంలో అతనొకడు. సంస్థ అతని ఫొటోలు దాదాపు 500 తిరగేసింది, ఇంకెక్కడా మార్పు దొరకలేదు. శిక్ష ఎక్కువైందనే మిత్రులున్నారు నాకు. కెమెరాను చెరిపితే యుద్ధం మారిపోదంటారు. మారదు, నిజమే. కానీ అక్కడ ఆ తిరుగుబాటుదారుడు కెమెరాల ముందు ఉన్నాడన్నది కూడా వార్తలో భాగమే. పాఠకుడి నుంచి దాన్ని దాచే హక్కు ఫొటోగ్రాఫర్‌కు లేదు. మూలన పడ్డ ఆ వస్తువు వద్దనుకుంటే క్రాప్ చేయొచ్చు. క్రాప్‌తోనూ అబద్ధాలాడొచ్చు, కానీ అంచు ఎక్కడ ఆగిందో చూసేవాడికి తెలుస్తుంది. చెరిపినచోట అంచు ఉండదు.

మళ్లీ ఆగ్నేయ మూలకు వస్తే, అసలైన ఫొటో కూడా ఎంతవరకు చెబుతుందో తెలుసుకోవాలి. 1957, 1962 చిత్రాలు ఆ రోజు అక్కడ కంటికి ఆనే కట్టడం లేదని చెబుతాయి. దూరం నుంచి తీసిన ఫొటో గోడ మొదట్లో ఉన్న ఓ చిన్న రాయికి ఎవరైనా పసుపు రాశారా, దీపం పెట్టారా అన్నది చెప్పలేదు. 1962కూ 1986కూ మధ్య ఏ ఏడు ఏది లేచిందో కూడా ఈ ఫొటోలు చెప్పవు. ఆ నడిమి ఇరవైనాలుగేళ్ల ఫొటోలు పాతబస్తీ ఇళ్ల ఆల్బముల్లో, మూతబడ్డ స్టూడియోల అట్టపెట్టెల్లో ఉండే ఉంటాయి: పెళ్లికొచ్చిన బంధువులు సర్దార్ మహల్ వైపు నిలబడి దిగినవి, వెనక ఆగ్నేయ మూల అనుకోకుండా పడినవి. మీ ఇంట్లో ఉంటే స్కాన్ చేయించేటప్పుడు గీతలు, మరకలు తీసేయమని షాపువాడికి చెప్పకండి. వెనక రాసిన తేదీని కూడా స్కాన్ చేయించండి, నెగటివ్ పట్టీని కత్తిరించనీయకండి.